రేటు పెట్టే చెయ్యి, ఉచితం ఇచ్చే చెయ్యి ఎందుకు వేరు?

ప్రశ్న: "సార్, మాది హిందూపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. 2023లో 200 యూనిట్ల దాకా ఉచితం అని చెప్పిన నెలలోనే కరెంటు బిల్లు పెరిగి వచ్చింది. అడిగితే 'రేటు మేం పెంచలేదు, కేఈఆర్‌సీ పెంచింది' అన్నారు. మేం ఓటేసింది ప్రభుత్వానికి కదా, ఎవరూ ఓటెయ్యని ముగ్గురు రేటు ఎలా పెడతారు? మంత్రిత్వ శాఖే పెడితే నిలదీయడానికి ఒకరైనా ఉంటారు కదా?"

నిలదీయడానికి ఒకరుండాలన్న మీ మాట న్యాయమైనదే. నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక విద్యుత్ పంపిణీ సంస్థలో టారిఫ్ లెక్కలు రాసే విభాగంలో పనిచేశాను. కేఈఆర్‌సీ అంటే కర్ణాటకలో కరెంటు రేట్లు పెట్టే విద్యుత్ నియంత్రణ కమిషన్. అలాంటి కమిషన్ విచారణల్లో కంపెనీ వైపు బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, రేటు మంత్రుల చేతిలో ఉన్న రోజుల్లోనే నిలదీయడం ఎక్కువ కష్టం. ఎందుకో ఆ జూన్ బిల్లు నుంచే మొదలుపెడతాను.

ఆ బిల్లు వచ్చిన రోజు మా పక్కింటి కర్నూలు అక్క కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "అన్నా, ఫ్రీ అన్నారు, ఇదేంది ఇంత వచ్చింది?" కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. అందులో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మే నెల వాడకానికి కొత్త రేటు పడింది. దానికి తోడు ఏప్రిల్ వాడకానికి పాత రేటుకూ కొత్త రేటుకూ ఉన్న తేడాను బకాయిగా కలిపారు. ఉచితం సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు, ఎందుకంటే ఆ 200 యూనిట్ల ఉచిత పథకం గృహజ్యోతి అప్పటికి మొదలే కాలేదు. అది జులైలో వాడిన కరెంటుకు, అంటే ఆగస్టులో వచ్చిన బిల్లుకు వర్తించింది.

తేదీలు ఒకసారి వరుసలో పెట్టి చూడండి. 2022 నవంబరులో బెంగళూరుకు కరెంటు ఇచ్చే బెస్కాంతో సహా కర్ణాటక పంపిణీ సంస్థలు కమిషన్‌కు అర్జీ పెట్టుకున్నాయి. యూనిట్‌కు సగటున 1 రూపాయి 39 పైసలు పెంచమని అడిగాయి. విచారణలు జరిగాయి. ఈలోగా 2023 మార్చి 29న ఎన్నికల ప్రకటన వచ్చి కోడ్ అమల్లోకి వచ్చింది. మే 10న పోలింగ్. మే 12న కమిషన్ ఆర్డర్ ఇచ్చింది, సగటున 70 పైసల పెంపు, ఏప్రిల్ 1 నుంచి అమలు. మే 13న ఓట్ల లెక్కింపు. మే 20న కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. అంటే అర్జీ పాత ప్రభుత్వం కాలంలో పడింది, ఆర్డర్ ఫలితాలకు ముందురోజు వచ్చింది, బిల్లు కొత్త ప్రభుత్వం వచ్చాక చేతికందింది. "రేటు మేం పెంచలేదు" అని వాళ్లన్నది అక్షరాలా నిజం. ఉచితం ఇస్తామన్నదీ నిజమే. మీకు ఒకదానికొకటి పొసగనట్టు కనిపించిన ఆ రెండు మాటలు, చట్టం వేర్వేరు చేతులకు అప్పగించిన రెండు వేర్వేరు పనులు.

అలా ఎందుకు అప్పగించారో తెలియాలంటే పాత విద్యుత్ బోర్డుల సంగతి చూడాలి. 1948 చట్టం కింద ప్రతి రాష్ట్రంలోనూ ఒక బోర్డు ఉండేది. కాగితం మీద స్వతంత్ర సంస్థే, కానీ రేటు ఎప్పుడు ఎంత మార్చాలో అసలు తేలేది మంత్రుల దగ్గర. రైతు పంపుసెట్టుకు మీటరు తీసేసి హార్స్‌పవర్‌కు ఇంత అని పెట్టడం, తర్వాత దాన్నీ ఎత్తేయడం లాంటివన్నీ రాజకీయ నిర్ణయాలు. అవి తప్పని నేననను. సాయం చెయ్యాలని ఎన్నికైన ప్రభుత్వం అనుకుంటే చెయ్యాలి. చిక్కల్లా ఆ సాయం ఖర్చు ఎక్కడా విడిగా కనిపించకపోవడమే. బోర్డు తక్కువకు అమ్మేది, నష్టం బోర్డు పుస్తకాల్లో పేరుకునేది. బోర్డు ఎన్టీపీసీ లాంటి కేంద్ర సంస్థలకు కట్టాల్సింది ఎగ్గొట్టేది. ఆ నష్టంలో రైతుకు అందిన సాయం ఎంత, దొంగ కనెక్షన్ల వాటా ఎంత, పాడైన లైన్లలో పోయింది ఎంత అంటే చెప్పగలవాళ్లు లేరు. మూడూ ఒకే గోతాంలో ఉండేవి. చివరికి 2001లో మాంటెక్ సింగ్ అహ్లువాలియా కమిటీ సిఫార్సుతో ఆ బాకీలను రాష్ట్ర ప్రభుత్వాల బాండ్లుగా మార్చి గట్టెక్కించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మీరు మంత్రిని నిలదీసి ఉంటే ఆయన "బోర్డు నష్టాల్లో ఉంది" అనేవాడు, బోర్డు "ప్రభుత్వం రేటు పెంచనివ్వలేదు" అనేది. ఇద్దరూ నిజమే చెప్పేవాళ్లు, మీకు మాత్రం లెక్క దొరికేది కాదు.

ఒడిశా 1995లో సంస్కరణ చట్టం చేసి 1996లో తొలి కమిషన్ పెట్టింది. 1998లో కేంద్ర చట్టం వచ్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు మూడింటిలోనూ 1999లో కమిషన్లు వచ్చాయి. ఒడిశాలో, ఆంధ్రలో దీని వెనక ప్రపంచ బ్యాంకు రుణ షరతులు కూడా ఉన్నాయి, అది దాచాల్సిన విషయం కాదు. ఆంధ్రలో కమిషన్ 2000లో ఇచ్చిన మొదటి టారిఫ్ ఆర్డర్‌తో రేట్లు పెరిగి పెద్ద ఉద్యమం లేచింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మీరడిగిన ప్రశ్నే అప్పుడూ వీధుల్లో వినబడింది, పెంచింది ఎవరు, కమిషనా ప్రభుత్వమా అని. తర్వాత 2004 మేలో రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి తొలి సంతకం రైతుల ఉచిత కరెంటు ఫైలు మీద పెట్టారు. చాలామంది ఇక్కడొకటి గమనించలేదు. ఆ సంతకంతో వ్యవసాయ కరెంటు ఖర్చు రద్దవలేదు. కమిషన్ లెక్క కట్టిన ఖర్చు అలాగే ఉంది, దాన్ని రైతు బదులు ప్రభుత్వం కట్టడం మొదలైంది.

ఈ ఏర్పాటుకు ఆయువుపట్టు 2003 విద్యుత్ చట్టంలోని సెక్షన్ 65. దాని సారం సులువే. రేటు కమిషన్ పెడుతుంది. ఏ వర్గానికైనా తక్కువకో ఉచితంగానో ఇవ్వాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం ఆ తేడాను పంపిణీ సంస్థకు ముందుగానే కట్టాలి. కట్టకపోతే ఆ రాయితీ ఆదేశం చెల్లదు, కమిషన్ పెట్టిన రేటే వర్తిస్తుంది. కర్ణాటకలో 10 హార్స్‌పవర్ దాకా పంపుసెట్లకు కరెంటు ఉచితం. అయినా కేఈఆర్‌సీ ఆర్డర్‌లో ఆ పంపుసెట్లకూ యూనిట్ రేటు ఒకటి రాసి ఉంటుంది. ప్రభుత్వం సబ్సిడీ ముందుగా విడుదల చెయ్యకపోతే ఆ రేటును రైతుల దగ్గరే వసూలు చెయ్యాలని కూడా ఉంటుంది. ఏ ప్రభుత్వమూ ఆ పరిస్థితి రానివ్వదు. అందుకే ఆ వాక్యానికి బలం ఉంది. అది ఉండబట్టే ప్రభుత్వం ఏటా బడ్జెట్‌లో ఆ మొత్తాన్ని ఒక అంకెగా రాయక తప్పడం లేదు. బడ్జెట్‌లో అంకె పడితే శాసనసభలో ప్రశ్న అడగొచ్చు, పత్రికల్లో రాయొచ్చు, ఆసుపత్రికి ఇచ్చిన దానితో పోల్చి చూడొచ్చు. మీరడిగిన నిలదీయడం మొదలయ్యేది ఆ అంకె దగ్గరే.

ఇప్పుడు రెండూ ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో ఒక ఇంటి లెక్కతో చూపిస్తాను. 2023 ఆర్డర్‌లో ఇళ్లకు 100 యూనిట్ల దాకా యూనిట్ 4.75 రూపాయలు. 100 దాటితే మొత్తం యూనిట్లకూ 7 రూపాయలు. స్థిర ఛార్జీ, పన్ను పక్కన పెడితే 100 యూనిట్లు వాడిన ఇంటికి 475, 101 వాడిన ఇంటికి 707. ఒక్క యూనిట్ తేడాకు 232 రూపాయలు. అది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. 2024 ఫిబ్రవరి ఆర్డర్‌లో కమిషన్ ఆ శ్లాబులు తీసేసి ఇళ్లన్నిటికీ 5.90 ఒకే రేటు పెట్టింది.

నెలకు 150 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి. 2023 రేటుతో 1050 రూపాయలు, 2024 రేటుతో 885. తేడా 165. ఆ ఇంటికి గృహజ్యోతి ఉంటే వాళ్లు అప్పుడూ సున్నా కట్టారు, ఇప్పుడూ సున్నానే. మరి ఆ 165 ఎవరికి మిగిలింది? సబ్సిడీ కట్టే ప్రభుత్వానికి. అంటే ఉచితం ఇచ్చే ప్రభుత్వానికి ఆ వర్గం రేటు తక్కువగా ఉంటేనే లాభం. పంపిణీ సంస్థ యజమాని కూడా ఆ ప్రభుత్వమే, యజమానిగా చూస్తే మొత్తం ఆదాయం తగ్గకూడదు. రెండూ సాధించాలంటే దారి ఒకటే, ఉచితం పొందే వర్గాల రేటు తగ్గించి ఆ బరువు దుకాణాల మీద, పీణ్యలోని చిన్న వర్క్‌షాపుల మీద, సబ్సిడీ రాని అద్దె ఇళ్ల మీద వెయ్యడం. రేటు పెట్టే కలం కూడా మంత్రి చేతిలోనే ఉంటే ఈ బదిలీ ఒక్క జీవోతో అయిపోతుంది, బయటికి "పేదలకు రేటు తగ్గించాం" అన్న మాటే వినబడుతుంది. 2024 ఆర్డర్ అలా చేసిందని నేననడం లేదు. అలాంటి ఆశ ఉన్నవాళ్ల చేతికి కలం ఇవ్వకూడదని చట్టం అనుకుంది, అంతే. కొనేవాడు, అమ్మేవాడు, ధర్మకర్త ఒక్కడే అయితే తూకం ఎవరు చూస్తారు?

టెలికాంలో ఇదే జబ్బు మరో రూపంలో వచ్చింది. ప్రైవేటు ఫోన్ కంపెనీలు వచ్చేనాటికి టెలికాం శాఖే విధానం రాసేది, లైసెన్సులిచ్చేది, తన లైన్లతో ఫోన్లూ నడిపేది. కొత్త కంపెనీ కాల్ శాఖ లైన్ మీదికి వెళ్లాలంటే ఎంత కట్టాలో ఆ పోటీదారైన శాఖే చెబితే ఎలా? అందుకే 1997లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వచ్చింది. 2000లో చట్టం సవరించి తగాదాలకు టీడీశాట్ అనే ట్రిబ్యునల్ పెట్టారు, అదే ఏడు అక్టోబరులో ఫోన్లు నడిపే పనిని బీఎస్ఎన్ఎల్ పేరుతో శాఖ నుంచి విడదీశారు. లైసెన్సు ఇచ్చే అధికారం మాత్రం నేటికీ శాఖ దగ్గరే ఉంది, ట్రాయ్‌ది అందులో సిఫార్సే. అందుకే ఆ విభజన సగమే అయిందంటాను.

మళ్లీ కరెంటుకు వస్తాను. కమిషన్ నిజంగా చేసే పని మీరు చూడాలంటే వసంతనగర్ మిల్లర్స్ ట్యాంక్ బెడ్ దగ్గర కేఈఆర్‌సీ ఆఫీసులో బహిరంగ విచారణకు ఒకసారి వెళ్లి కూర్చోండి. ఎవరైనా వెళ్లొచ్చు. అక్కడ వాదనంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, కంపెనీ చూపించిన ఖర్చులో జనం భరించాల్సింది ఎంత?

గుండ్రటి అంకెలతో చెబుతాను. ఒక కంపెనీ 100 యూనిట్లు కొన్నది, యూనిట్ 5 రూపాయల చొప్పున 500. జీతాలు, మరమ్మతులు, వడ్డీలు కలిపి 130. మొత్తం 630. దారిలో 14 యూనిట్లు పోయి 86 యూనిట్లు మాత్రమే జనానికి అమ్మింది. మొత్తం ఖర్చు జనం మీద వేస్తే యూనిట్ 7.33 అవుతుంది. కమిషన్ మాత్రం "మీకు మేం అనుమతించిన నష్టం 10 శాతమే" అంటుంది. ఆ లెక్కన 86 యూనిట్లు అమ్మడానికి దాదాపు 95.6 యూనిట్లు కొంటే చాలు, కొనుగోలు ఖర్చు 478, మొత్తం 608, యూనిట్ 7.07. ఆ 26 పైసలు కంపెనీ తన అజాగ్రత్తకు తానే భరించాలి. మంత్రిత్వ శాఖలో ఈ కోత పడేది కాదు. తన కంపెనీకి తనే కోత పెట్టుకునే శాఖను నేనైతే చూడలేదు.

కంపెనీలు దీన్ని తప్పించుకునే దారి ఒకటుంది, నేను ఆ బల్ల దగ్గరే కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను. పంపుసెట్లలో చాలావాటికి మీటర్లు లేవు. వాటి వాడకం అంచనా మాత్రమే. ఆ అంచనాను కాస్త పెంచి రాస్తే దొంగతనంలో, లైన్లలో పోయిన యూనిట్లు రైతు వాడినట్టు అవుతాయి. కాగితం మీద నష్టం తగ్గుతుంది, పైగా ఆ యూనిట్లకు ప్రభుత్వం నుంచి సబ్సిడీ కూడా వస్తుంది. ఒక ఏడాది విచారణలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. చేతిలో మా అర్జీలోని ఒకే ఒక్క పేజీ, మడతలు పడి ఉంది. "పోయినేడు వానలు బాగా పడ్డాయి కదా, చెరువులు నిండాయి కదా, మరి ఒక్కో పంపు అంతకుముందు ఏడాది కంటే ఎక్కువ కరెంటు ఎట్లా తాగింది?" అని కన్నడంలో అడిగి కూర్చున్నాడు. మా వైపు ఇంజినీరు కాగితాలు తిరగేశాడు. సమాధానం లేదు. నాకు ఆ రోజు సిగ్గనిపించింది. ఆర్డర్ వచ్చినప్పుడు ఆ అంకె తగ్గి ఉంది.

ఆ మోసం పట్టుకోవడానికి ఆ పెద్దాయన పద్ధతే ఇప్పటికీ మంచిది. పంపుకు ఏడాదికి సగటున ఎన్ని యూనిట్లు రాశారో నాలుగైదేళ్లు పక్కపక్కన పెట్టి, వానల లెక్కతో పోల్చాలి. వ్యవసాయానికి విడిగా ఫీడర్లు, అంటే సరఫరా లైన్లు, వేసిన చోట ఆ ఫీడరు మీటరు రీడింగ్ నుంచే లెక్క తెమ్మని కమిషన్ అడగడం కూడా అందుకే. మంత్రి గదిలో ఆ పెద్దాయన ప్రశ్నకు చోటుండేదా? ఆయన ఎవరి ఓటూ గెలవలేదు, కానీ ఆయన ప్రశ్నకు జవాబు రికార్డులో రాయాల్సి వచ్చింది.

ఎవరూ ఓటెయ్యనివాళ్లకు ఈ పని ఇవ్వడానికి ఇంకో కారణం, మాట మీద నిలబడటం. కరెంటు ప్లాంటు పెట్టేవాడు పాతికేళ్ల ఒప్పందం చూసి అప్పు తెస్తాడు, ప్రభుత్వం ఐదేళ్లకోసారి మారుతుంది. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త ప్రభుత్వం పాత సౌర, పవన విద్యుత్ ఒప్పందాల రేట్లు తగ్గించాలని ఒక జీవోతో కమిటీ వేసింది. రేట్లు ఎక్కువన్న వాదనలో పస ఉందా లేదా అనేది వేరే చర్చ. సెప్టెంబరులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది, 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందంలో ఉన్న రేటే కట్టమంది. రేటు ప్రభుత్వ ఇష్టం మీద ఆధారపడుతుందనుకుంటే ప్లాంటు పెట్టేవాడు ఆ భయాన్ని కూడా ధరలో కలిపి అడుగుతాడు, అది మళ్లీ మన బిల్లులోకే వస్తుంది.

ఇంతవరకు చెప్పింది ఏర్పాటు సరిగ్గా నడిచినప్పటి సంగతి. నడవనప్పుడు ఏమవుతుందో పక్కనే ఉన్న చెన్నైలో చూడొచ్చు. తమిళనాడులో 2014 డిసెంబరులో రేట్లు పెరిగాక మళ్లీ పెరిగింది 2022 సెప్టెంబరులోనే. అక్కడ కమిషన్ లేదా? ఉంది. చట్టమూ అదే. కానీ కమిషన్ రేటు పెట్టాలంటే మామూలుగా ముందు కంపెనీ అర్జీ పెట్టాలి. కంపెనీ ప్రభుత్వానిది. ప్రభుత్వానికి పెంపు ఇష్టం లేకపోతే అర్జీ రాదు. ఇదొక తలుపు తాళం లాంటిది, తాళంచెవి మళ్లీ మంత్రి జేబులోకే చేరింది. ఈ సంగతి తెలిసే 2011 నవంబరు 11న ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఒక ఆదేశం ఇచ్చింది. అర్జీ ఆలస్యమైతే కమిషన్లు తమంతట తామే విచారణ మొదలుపెట్టాలని చెప్పింది. అయినా అన్నిచోట్లా అది జరగలేదు.

రేటు పెంచకపోతే జనానికి మంచిదే కదా అనిపిస్తుంది. ఖర్చు ఆగదు కదా. వసూలు కాని ఆ ఖర్చును "తర్వాత వసూలు చేసుకోవచ్చు" అని కమిషన్ ఒక పద్దు కింద రాసి పెడుతుంది, దాని పేరు రెగ్యులేటరీ అసెట్. పేరులో ఆస్తి అని ఉంది గానీ మనకు అది అప్పు, వడ్డీతో పెరుగుతుంది. తమిళనాడులో 2021-22 నాటికి అది దాదాపు 89 వేల కోట్ల రూపాయలకు చేరింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ పంపిణీ సంస్థల కేసులో తీర్పు ఇస్తూ, పాత బాకీలను 2024 ఏప్రిల్ నుంచి ఏడేళ్లలోపు తీర్చెయ్యాలని, కొత్తగా ఏటా అనుమతించిన ఆదాయంలో 3 శాతం మించి పేరబెట్టకూడదని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అంటే 2016లో చెన్నైలో ఫ్యాన్ తిరిగిన ఖర్చులో కొంత, అప్పటికి బడిలో ఉన్న పిల్లాడు ఉద్యోగంలో చేరి అద్దె ఇల్లు తీసుకున్నాక కడతాడు. మన ఆంధ్ర, తెలంగాణ జనానికి తెలిసిన ట్రూ అప్ ఛార్జీలు ఈ కుటుంబానివే, ఎప్పుడో అయిన ఖర్చు ఇప్పుడు బిల్లులో విడి వరుసగా రావడం.

కమిషన్ సభ్యుల స్వతంత్రం గురించి మీ అనుమానంలో నిజం ఉంది. పదవీకాలం ఐదేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. అదే పదవిలో మళ్లీ నియమించకూడదు, అలా చేస్తే కొనసాగింపు కోసం ప్రభుత్వం ముఖం చూస్తారని. పేర్లు సూచించే కమిటీకి హైకోర్టు మాజీ న్యాయమూర్తి అధ్యక్షుడు, చీఫ్ సెక్రటరీ ఒక సభ్యుడు. కానీ చివరికి నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే. ఖాళీలు నెలల తరబడి భర్తీ చెయ్యకపోవడం, నిన్నటిదాకా ప్రభుత్వంలో కార్యదర్శిగా ఉన్నవాళ్లే ఇవాళ అధ్యక్షులు కావడం అన్ని రాష్ట్రాల్లోనూ చూశాను. పైగా నేను చెప్పిన 26 పైసల కోత కూడా పూర్తిగా కొరకదు. ప్రైవేటు కంపెనీ అయితే వాటాదారుడి జేబుకు చిల్లు పడుతుంది. ప్రభుత్వ కంపెనీ నష్టాన్ని కొన్నేళ్లకు ఏదో ఒక పథకం కింద ప్రభుత్వమే నెత్తికెత్తుకుంటుంది, అంటే పన్ను రూపంలో మళ్లీ మనమే.

ప్రభుత్వ బరువు ఆర్డర్ దారిలోనే జనం మీదికి వచ్చిన ఉదాహరణ బెంగళూరులోనే ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి మీ బిల్లులో యూనిట్‌కు 36 పైసల పెన్షన్, గ్రాట్యుటీ సర్‌ఛార్జి మొదలైంది చూడండి, ఆ తర్వాతి రెండేళ్లకు 35, 34 పైసలు. అది విద్యుత్ సంస్థల ఉద్యోగుల పెన్షన్‌లో ప్రభుత్వం భరించాల్సిన వాటా. కోర్టుల్లో వాదనలు నడిచాకే వచ్చింది, చట్టప్రకారమే వచ్చింది. అయినా బోర్డును విడగొట్టినప్పుడు ప్రభుత్వం ఒప్పుకున్న బాధ్యత వినియోగదారుడి మీదికి మళ్లడం నాకు నచ్చలేదు. కానీ అది విడి వరుసగా, కారణంతో సహా కనిపిస్తోంది కాబట్టే మనం ఇలా మాట్లాడుకోగలుగుతున్నాం.

ఇక ఎవర్ని అడగాలన్నదానికి నేరుగా చెబుతాను. ఉచితం మీకు రాలేదా, పరిమితి తక్కువ పెట్టారా? అది మంత్రి పని, ఎమ్మెల్యేను అడగండి. మీ మారతహళ్లి అద్దె ఇంట్లో ముందు ఏడాది సగటు వాడకం తక్కువగా నమోదై ఉంటే, దానికి కొంచెం కలిపి వచ్చిన యూనిట్ల దాకే ఉచితం, 200 అనేది పైహద్దు మాత్రమే. మీటరు తప్పు తిరిగిందా, బిల్లు తప్పు పడిందా? అది పంపిణీ సంస్థ పని, ముందు వాళ్ల దగ్గర ఫిర్యాదు, తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన అంబుడ్స్‌మన్. రేటే అన్యాయమా? అప్పుడు కమిషన్. ఆర్డర్ నచ్చకపోతే 45 రోజుల్లో ఢిల్లీ ట్రిబ్యునల్‌లో అప్పీలు, ఆపైన సుప్రీంకోర్టు. మంత్రి పెట్టిన రేటు మీద ఇలా కారణం చూపించమని కాగితం పట్టుకుని అడిగే దారి మామూలు మనిషికి ఎప్పుడూ లేదు.

అప్పీలు అందరి వల్లా కాదు, ఖర్చు. అభ్యంతరం మాత్రం ఎవరైనా రాయొచ్చు. కంపెనీలు సాధారణంగా నవంబరు చివరికల్లా అర్జీ పెడతాయి, తర్వాత పత్రికల్లో ప్రకటన వస్తుంది. ఆ ప్రకటనలో గడువు, చిరునామా ఉంటాయి. అభ్యంతరాన్ని అఫిడవిట్‌తో కమిషన్‌కు పంపి, ఒక కాపీ కంపెనీకి ఇవ్వాలి. కంపెనీ మీకు రాతపూర్వకంగా జవాబివ్వాలి, అర్జీ అందిన 120 రోజుల్లో కమిషన్ ఆర్డర్ ఇవ్వాలి. పెద్ద లాయరు భాష అవసరం లేదు. "రేటు పెంచొద్దు" అని ఒక్క మాట రాస్తే ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే దానికి ఇచ్చే జవాబు లేదు. అర్జీలో ఒక పట్టిక తీసుకుని ఒక అంకె మీద ప్రశ్న రాయండి. పంపుకు సగటు వాడకం, పోయినేడు కమిషన్ అనుమతించిన నష్టశాతానికీ నిజంగా వచ్చినదానికీ తేడా, ప్రభుత్వం కట్టాల్సిన సబ్సిడీలో ఇంకా రానిది, ఈ మూడింటిలో ఏదో ఒకటి చాలు. మూడోది చూడటం మరవకండి. ప్రభుత్వం కట్టడం ఆలస్యమైతే కంపెనీ ఆ గ్యాప్‌కు అప్పు తెస్తుంది, ఆ వడ్డీని మళ్లీ ఖర్చులో చూపించి మీ రేటులోకి తెస్తుందేమో అక్కడే తెలుస్తుంది.